నల్ల బట్టల మీద తెల్ల చారలు: నల్లగొండ బోరు నీళ్లతో నా ఉతుకుడు డైరీ

కార్తీకం, తొలి రోజులు

మా అన్న అయ్యప్ప మాల వేసుకున్నాడు. మండల దీక్ష 41 రోజులూ నల్ల చొక్కా, నల్ల లుంగీ, నల్ల కండువా రోజూ ఉతకాల్సిందే. బట్టల మరకల మీద నాకు ముందు నుంచీ పిచ్చి ఉంది కాబట్టి మెషిన్ పని నేను తీసుకున్నా. మాది సెమీ ఆటోమేటిక్. ఉతికే డ్రమ్ము ఒకటి, పిండే డ్రమ్ము ఒకటి.

ఆరిన లుంగీని ఎండలో విప్పి చూస్తే రెండు రకాల తెలుపు కనిపించింది. నడుం దగ్గర మడతల్లో, కుట్టు వెంబడి సన్నగా, గీత గీసినట్టు ఒకటి. లుంగీ అంతటా, ముఖ్యంగా కింది అంచున, పొగ పట్టినట్టు పలచగా ఇంకొకటి. తడిగా ఉన్నప్పుడు ఈ రెండూ కనిపించవు, ఆరాకే తేలతాయి. అందుకే మెషిన్ నుంచి తీసేటప్పుడు బాగానే ఉందనుకుంటాం.

పక్కింటి అక్క చూసి, "పౌడర్ తగ్గించు తమ్మీ, అంతే" అంది. అందరూ చెప్పేది ఇదే. ఒక రకం చారకు ఇది సరైన మందే, రెండో దానికి మాత్రం పనిచేయదు. అందుకని ముందు ఏ చార ఏమిటో తేల్చుకోవాలి.

పరీక్ష

మడతలోని గీత మీద రెండు చుక్కల గోరువెచ్చని నీళ్లు వేసి బొటనవేలితో రుద్దా. వేలికి జారుడుగా తగిలింది, కొంచెం నురగ కూడా వచ్చింది. అంటే అది కరగకుండా మిగిలిన పౌడరే. పొగ పట్టినట్టున్న చోట అదే పని చేస్తే జారుడు లేదు, నురగ లేదు, గోటితో గీకితే సుద్దలా రాలింది. దాని మీద వంటింటి తెల్ల వెనిగర్ ఒక చుక్క వేసి దగ్గరగా చూస్తే సన్నటి బుడగలు లేచాయి. అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే. పొర మరీ పలచగా ఉంటే బుడగలు కంటికి ఆనవు. అప్పుడు ఆ చోట వెనిగర్‌తో తడిపి, జాడించి, ఆరబెట్టి చూడాలి. చార పోతే సున్నమే.

ఈ సున్నం ఎక్కడిది? బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. చాలా బట్టల పౌడర్లలో వాషింగ్ సోడా ఉంటుంది. ఆ సోడా, నీళ్లలోని కాల్షియం కలిస్తే తెల్లటి పొడి పుట్టి నూలుకు అతుక్కుంటుంది. తెల్ల పంచె మీద ఎవరికీ కనబడదు, నల్ల లుంగీ మీద దాగదు.

నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. చారలకూ దానికీ సంబంధం లేదు. టీడీఎస్ మీటర్ అంకె చూసి కూడా తేల్చలేం, ఎందుకంటే అది కరిగిన ఉప్పులన్నింటినీ కలిపి చూపిస్తుంది కానీ కాల్షియం ఎంతో విడిగా చెప్పదు. నేను చేసింది పాతకాలపు సబ్బు పరీక్ష. ఒకేలాంటి రెండు సీసాలు తీసుకుని ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో నల్లాలో వచ్చే భగీరథ నీళ్లు సగం దాకా పోశా. రెండింట్లో సమానంగా ఒంటి సబ్బు తురుము వేసి గట్టిగా కుదిపా. నల్లా నీళ్లలో నురగ నిలబడింది. బోరు నీళ్లు పాలు విరిగినట్టయి, పైన తెట్టు కట్టింది. దీనికి బట్టల పౌడర్ వాడొద్దు, అది గట్టి నీళ్లలో కూడా కొంత నురగ ఇస్తుంది కాబట్టి తేడా తెలియదు.

చలి ముదిరాక

మొదట మడతల గీత సంగతి. స్వామి స్నానం తెల్లవారకముందే, ఉతకడం కూడా అప్పుడే. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు రాత్రంతా చల్లబడి ఉంటాయి. బట్టల మీద పౌడర్ చల్లి, పైన ఆ నీళ్లు వదిలితే సోడా ముద్ద కడుతుంది. ఆ ముద్ద మడతలో చిక్కుకుంటే జాడించినా కదలదు.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ఒక మగ్గు వేడినీళ్లలో పౌడర్ వేసి, అడుగున గరగర తగలనంత దాకా కర్రతో కలుపుతా. దాన్ని బట్టలు వేయని డ్రమ్ములోని నీళ్లలో పోసి ఒక నిమిషం తిప్పాకే బట్టలు వేస్తా. లుంగీని ముడులు లేకుండా విదిలించి, చొక్కాను లోపలి వైపు బయటికి తిప్పి వేయాలి. డ్రమ్ము ముప్పావు వంతుకు మించి నింపను. నీళ్లలో బట్ట తిరగాలి, ఇరుక్కుని ఊగితే లాభం లేదు. దీంతో గీతలు పూర్తిగా పోయాయి.

పొగలాంటి పొర మాత్రం అలాగే ఉంది. పౌడర్ సగం చేసి చూశా, తగ్గలేదు. గట్టి నీళ్లలో పౌడర్ మరీ తగ్గితే మురికి కూడా సరిగా వదలదు, బట్ట బిరుసెక్కుతుంది. ఇక్కడ మార్చాల్సింది నీళ్లను, లేదా సోడా ఉన్న పౌడర్‌ను.

నల్లా నీళ్లు వచ్చే వేళకు మెషిన్‌వి కాకుండా విడిగా రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకుని, నల్ల బట్టలకు మాత్రమే వాడటం మొదలుపెట్టా. నీళ్లు చాలని రోజు ఉతకడం బోరు నీళ్లతో, లిక్విడ్ డిటర్జెంట్‌తో. లిక్విడ్‌లో సాధారణంగా సోడా ఉండదు, కరగకపోవడమనే సమస్యా లేదు. చివరి జాడింపుకు మాత్రం నల్లా నీళ్లే. ఆఖరి నీళ్లలోది ఏదైనా బట్ట మీదే ఆరుతుంది కదా.

ఇంకో చిన్న మార్పుతో చాలా తేడా వచ్చింది. పౌడర్‌తో ఉతికిన వెంటనే జాడించకుండా, ముందు స్పిన్నర్లో ఒక నిమిషం పిండుతున్నా. సోడా నీళ్లు బట్టలో అలాగే ఉండగా కొత్త బోరు నీళ్లు పోస్తే, ఆ జాడింపులోనే మళ్లీ సున్నం పుడుతుంది. పిండేస్తే ఆ సోడా చాలావరకు ముందే పోతుంది.

పాత చారలు

ఇప్పటికే పట్టిన పొర కోసం అయిదు లీటర్ల గోరువెచ్చని నల్లా నీళ్లలో పెద్ద గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి, లుంగీని అరగంట నానబెట్టా. మధ్యలో ఒకసారి అటూ ఇటూ తిప్పి, తర్వాత రెండు బకెట్లలో జాడించా. వాసన ఆరేలోపే పోయింది. ఇదంతా బకెట్లోనే, మెషిన్లో కాదు, ఎందుకంటే మాటిమాటికీ పులుపు తగిలితే రబ్బరు భాగాలు దెబ్బతింటాయి. బ్లీచింగ్ కలిసిన నీళ్లలో వెనిగర్ అస్సలు పోయకూడదు, విషవాయువు వస్తుంది. రంగు వదులుతుందని అనుమానం ఉంటే లోపలి అంచు మీద ముందు చూసుకోవాలి. వదిన పోచంపల్లి పట్టు చీర తెచ్చి "దీనికీ చెయ్యి" అంటే మాత్రం నేను ముట్టుకోలేదు.

లుంగీ మళ్లీ నల్లబడింది కానీ కండువా మడత అంచున ఒక తెల్లగీత మిగిలింది. వెనిగర్‌కు బుడగలు రాలేదు, వేడినీళ్లకు జారుడు లేదు, మళ్లీ ఉతికి ఆరబెట్టినా అదే చోట అలాగే ఉంది. అది పౌడరూ కాదు, సున్నమూ కాదు. బండ మీద రాపిడికి నూలు పైన రంగు పోయింది. ఏ జాడింపూ దాన్ని వెనక్కి తేలేదు, అద్దకం వేయించాలి.

స్వామి శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక నా నల్ల జీన్స్ సంగతి చూడాలి. దళసరి బట్ట, కుట్ల దగ్గర నాలుగు పొరలు. పొర లోపలి నీళ్లు పూర్తిగా మారాలంటే నానబెట్టడం ఎంతసేపో, జాడింపులు ఎన్నో లుంగీ లెక్కతో తేలదు.