ఉన్నాడు, ముందుకెళ్ళండి

మహాలయ పక్షాల్లో మా తాతయ్య తర్పణాలు వదులుతుంటే హాల్లో గుమ్మం దగ్గర కూర్చుని వినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అయినా ఆ జాబితాలో ఒకచోట ఆయన గొంతు మారుతుందని పోయినేడు గాని కనిపెట్టలేదు.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. భాద్రపద మాసంలో పౌర్ణమి వెళ్ళాక అమావాస్య దాకా ఉన్న రోజులు పితృపక్షం. అన్ని రోజులూ చేయలేనివాళ్ళు, తండ్రి పోయిన తిథి ఆ పక్షంలో ఎప్పుడొస్తే ఆ ఒక్కరోజు చేస్తారు, దాన్ని సకృన్మహాలయం అంటారు. జంధ్యం కుడిభుజం మీదికి మార్చుకుని, వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని, నల్లనువ్వులు కలిసిన నీళ్ళు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి వదలాలి. ముందు తండ్రి, తాత, ముత్తాత. తర్వాత తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు. ఆపైన అమ్మ వైపు వాళ్ళు. మామూలు తర్పణం ఇంచుమించు అక్కడితో అయిపోతుంది. మహాలయంలో మాత్రం కారుణ్య పితరులని ఇంకో పెద్ద వరస ఉంది, భార్య, కొడుకు, అన్న, తమ్ముడు, పినతండ్రి, మేనమామ, అత్తమామలు, గురువు, స్నేహితుడు, అలా వెళ్తూనే ఉంటుంది. పురోహితుడు ఒక్కొక్కరినీ పిలుస్తాడు. పోయినవాళ్ళకే నీళ్ళు, బతికి ఉన్నవాళ్ళని దాటేయాలి.

'ఆత్మపత్నీం' అనగానే తాతయ్య వంటింటి వైపు చూసి "ఉందండీ, గారెలు వేస్తోంది" అంటాడు, బామ్మ లోపలినుంచి ఏదో గొణుగుతుంది. 'కనిష్ఠ భ్రాతరం' అనగానే మాత్రం తల ఎత్తడు. "ఉన్నాడు, ముందుకెళ్ళండి."

పంతొమ్మిదేళ్ళుగా అదే మాట. చిన్నతాతయ్య నెల్లూరులో ఉంటాడు, మేం చెన్నైలో, వెస్ట్ మాంబళంలో. పొద్దున బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండచ్చు. ముత్తవ్వ పోయాక పెరట్లో బావి పక్క పన్నెండంకణాల స్థలం చిన్నతాతయ్య చెప్పకుండా అమ్మేశాడని తాతయ్య కోపం. అడిగితే ఆయన "అమ్మ మంచాన ఉన్నప్పుడు రాని వాడికి స్థలం గుర్తొచ్చిందా" అన్నాట్ట, అదీ నలుగురిలో. అంతే.

ఈ ఏడు వినాయకచవితి వెళ్ళిన ఆదివారం, తాతయ్య ఒక నోట్‌బుక్ కాగితం పట్టుకుని నా గదికొచ్చాడు. "అమ్మాయ్, ఆఫీసులో అందరి మెయిళ్ళూ దిద్దుతావంట కదా. ఇది కాస్త సాపు చేసి పెట్టు."

పైన శ్లోకం. 'మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనం, క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ.' యుద్ధకాండలో రావణుడు పడిపోయాక, వీడు అన్న రూపంలో ఉన్న శత్రువు, వీడికి నేను కర్మ చేయనని విభీషణుడు వెనకాడితే రాముడు చెప్పిన మాట. చావుతో వైరాలు అయిపోయాయి, మన పని నెరవేరింది, ఇతనికి చేయవలసింది చెయ్యి, నీకెలాగో ఇతను నాకూ అలాగే అని. మా వీధి చివర అయోధ్య మండపంలో ఉపన్యాసం విని వచ్చి తాతయ్య దీన్ని ఎక్కించాడన్నమాట.

కింద ఒకటిన్నర పేజీ ఉత్తరం. స్థలం సంగతి రెండుసార్లు వచ్చింది. "నువ్వు అన్న మాటలు నేను మనసులో పెట్టుకోలేదు" అని ఒకచోట (పెట్టుకోకపోతే రాయడమెందుకు), "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే" అని ఇంకోచోట.

"తాతయ్యా, ఈ శ్లోకం చచ్చిపోయినవాడి గురించి. నెల్లూరులో కవరు విప్పగానే పైన 'మరణాంతాని' అని కనిపిస్తే చిన్నతాతయ్య ఏమనుకుంటాడు?"

ఆయన ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు. "నేను చస్తేగాని నీకు కోపం తగ్గదా అనుకుంటాడు."

శ్లోకం కొట్టేశాం. మిగతాది నాకొదిలేసి వెళ్ళాడు, నేను అరగంటలో ల్యాప్‌టాప్‌లో చక్కగా తయారుచేశాను. మన మధ్య ఏర్పడిన అపార్థాలు, గతాన్ని పక్కనపెట్టి, ఆత్మీయ బంధం పునరుద్ధరించుకోవాలని ఆకాంక్షిస్తూ, ఇలాంటివన్నీ పెట్టి. నిజం చెప్పాలంటే చదువుకుని నేనే మురిసిపోయాను. తాతయ్య కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు.

"బాగుందమ్మా. బ్యాంకువాళ్ళు రాసినట్టుంది. వాడు మూడో వాక్యంలోనే కనిపెడతాడు ఇది మనవరాలు రాసిందని."

ఇంకో తగువు కూడా పడింది. ఆయన మొదట్లో 'చిరంజీవి తమ్ముడిని ఆశీర్వదించి వ్రాయునది, ఉభయకుశలోపరి' అని రాసుకుంటే నేను తీసేసి 'ప్రియమైన తమ్ముడికి' అని పెట్టాను. క్షమాపణ అడుగుతూ పైనుంచి ఆశీర్వదించడమేంటి, పెద్దరికం చూపించినట్టు ఉంటుంది కదా అని నా లెక్క. తాతయ్య ఒప్పుకోలేదు. "వాడికి నేను ఎప్పుడు ఉత్తరం రాసినా అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడది మానేస్తే అన్నగా కూడా తప్పుకున్నాడు అనుకుంటాడే." నేను ఓడిపోయాను, సంతోషంగానే.

తర్వాత అసలు కష్టం. 'ఏదైనా పొరపాటు జరిగి ఉంటే' అన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, ఏ పొరపాటు తాతయ్యా, పేరు పెట్టి చెప్పు అన్నాను. ఆఫీసులో వచ్చే క్షమాపణ మెయిళ్ళలో ఇదే చూస్తాను, 'ఉంటే' అన్నచోట చదివేవాడికి రెండు పనులు పడతాయి, నేరం తనే రుజువు చేయాలి, తర్వాత మన్నించాలి కూడా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కింద పూలమ్మి కేక వినిపించి, వెళ్ళిపోయింది కూడా.

"అమ్మకి బాలేదని వాడు ఫోన్ చేసింది సోమవారం. మార్చి నెల, ఆఫీసులో లెక్కలు ముగించాలి. మంగళవారం వస్తానన్నాను, బుధవారం అన్నాను. గురువారం తెల్లారి బయల్దేరాను. అప్పటికి అయిపోయింది. ఆ మూడు రాత్రులూ వాడొక్కడే ఉన్నాడు అమ్మ పక్కన."

ఈ మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. బామ్మ కూడా వినలేదని, గుమ్మం దగ్గర చేతిలో చేటతో ఆగిపోయిన ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

అప్పుడు నాకు ఆ కొట్టేసిన శ్లోకం చివరి ముక్క గుర్తొచ్చింది. అందరం మొదటి పాదం పట్టుకుని చావుతో పగలు పోతాయి అని చెప్పుకుంటాం గానీ, బరువంతా 'మమాప్యేష యథా తవ'లోనే ఉందని నాకనిపిస్తుంది. రాముడు రావణుణ్ణి క్షమించానని అనలేదు. మంచివాడనీ అనలేదు. అతని మీద తమ్ముడికున్న బాధ్యతలో తనూ ఒక వంతు తీసుకున్నాడు, నువ్వు చేయనంటే ఆ పని నాది కూడా అన్నట్టు. తాతయ్యకి ఇదే చెప్తే, ఆయన నెమ్మదిగా "స్థలం గొడవలో నేనూ అదే అన్నాను. అమ్మ నీకెంతో నాకూ అంతే అని. వాటా కోసం అన్నాను" అన్నాడు.

ఇక నేను దిద్దడానికేం మిగల్లేదు. ఆయనే రాశాడు, నేను కొట్టివేతలు మాత్రం చేశాను. మరీ పొడుగవకుండా ఇన్లాండ్ లెటర్ తెచ్చిచ్చాను, అందులో పట్టినంతే.

"చిరంజీవి తమ్ముడిని ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అమ్మకి బాలేదని నువ్వు సోమవారం చెప్తే నేను గురువారం వచ్చాను. ఆఫీసు సాకు. నీ మీద కోపం తెచ్చుకుంటే ఆ సంగతి ఎవరూ అడగరని స్థలం పట్టుకున్నాను. అమ్మ నీకెంతో నాకూ అంతే అని ఆ రోజు నోటితో అన్నాను, చేసింది నువ్వు. స్థలం సంగతి నేనింక ఎత్తను. ఒకటి అడగాలి. తర్పణంలో నాయనమ్మ అత్తగారి పేరు నేను సీతమ్మ అంటున్నాను, సుబ్బమ్మేమో అని ప్రతి ఏడూ అనుమానం. నాయన చెప్తుంటే పుస్తకంలో రాసుకుంది నువ్వే. దశమి లోపు తెలిస్తే బాగుంటుంది. జవాబు పేరు వరకే రాసినా చాలు."

చివరి వాక్యం ఎందుకని అడిగాను. "వాడికి మాట్లాడాలని లేకపోతే పేరు రాసి ఊరుకోవచ్చు కదా. దారి ఉండాలి" అన్నాడు. దశమి అంటే వాళ్ళ నాయన తిథి. వేరుపడ్డ అన్నదమ్ములు ఎవరిది వాళ్ళు చేసుకోవాలి కాబట్టి చిన్నతాతయ్య కూడా నెల్లూరులో అదే రోజు, అవే మూడు పేర్లు, అదే గోత్రం చెప్పి నీళ్ళు వదులుతాడు. పంతొమ్మిదేళ్ళుగా వదులుతూనే ఉన్నాడు. రేపు వీళ్ళలో ఒకరు పోతే, మాటల్లేవు కదా అని శాస్త్రం వదిలిపెట్టదు, రెండోవారికి పదిరోజుల మైల తప్పదు. ఇది బామ్మ అంది, ఇన్లాండ్ అంటించడానికి గిన్నెలో నీళ్ళు తెచ్చిస్తూ.

పౌర్ణమి వెళ్ళింది. పాడ్యమి, విదియ, తదియ. తాతయ్య పోస్టు సంగతి ఎత్తలేదు గానీ రోజూ మధ్యాహ్నం కిందికెళ్ళి అపార్ట్‌మెంట్ ఉత్తరాల డబ్బా చూసొచ్చేవాడు, కరెంటు బిల్లు కోసమట. కరెంటు బిల్లు ఫోన్‌కే వస్తుంది మాకు.

అష్టమి రాత్రి మా నాన్న ఫోన్‌కి ఎవరిదో కొత్త నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. రూళ్ళ పుస్తకంలో పసుపు రంగు తిరిగిన పేజీ, గుండ్రటి చేతిరాతలో పేర్ల వరస. ప్రపితామహి దగ్గర 'కామాక్షమ్మ' అని ఉంది. సీతమ్మా కాదు, సుబ్బమ్మా కాదు. తాతయ్య ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "ఇన్నేళ్ళూ ఎవరికి వదిలానే ఆ నీళ్ళు?" అన్నాడు. ఫోటో కింద రెండు ముక్కలున్నాయి. 'పేరు ఇది. అమ్మ సంగతి చదివాను.'

అంతకు మించి ఏమీ లేదు. మా నాన్న ఫోన్ చేద్దామా అంటే తాతయ్య వద్దన్నాడు, దశమి కానీ అన్నాడు.

దశమి పొద్దున పురోహితుడు రాగానే తాతయ్య ముందు పేరు సరిచేయించాడు. కామాక్షమ్మ గారికి మూడుసార్లు నీళ్ళు వదిలేటప్పుడు చెయ్యి వణికి నువ్వులు పళ్ళెం బయట పడ్డాయి. తర్వాత వరస వేగంగా సాగింది. బామ్మ గారెల దగ్గరే ఉంది, ఆ మాటా అయింది. పురోహితుడు 'కనిష్ఠ భ్రాతరం' అని, అలవాటు ప్రకారం జవాబు వినకుండానే తర్వాతి పేరుకి వెళ్ళబోయాడు.

"ఒక్క నిమిషమండీ," అన్నాడు తాతయ్య తల ఎత్తి. "ఉన్నాడు. నెల్లూరులో. ఈపాటికి వాడూ పీట మీద కూర్చునే ఉంటాడు."