గణపయ్య పాలు తాగిన రోజు ఏం జరిగింది? చిత్తూరు యూత్ మీటింగ్‌లో చెప్పిన నాలుగు మాటలు

మన యూత్ గ్రూపులో పిల్లలు మహిమల గురించి మాట్లాడన్నా అని అడిగినారు, అక్కడ చెప్పిందే కొంచెం సర్ది ఇక్కడ పెడతా ఉండాను. మొదలు పెట్టింది మనందరం చిన్నప్పుడు బడిలో గట్టిగా అరిచి చదివిన పద్యంతోనే.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కనికల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

ఇందులో మొదటి పాదం చూడండి, ఎవరు చెప్పినా విను అంటాడు, అంటే మహిమ అనంగానే నవ్వేసి లేచిపోయేవాడికి కూడా ఈ పద్యంలో చోటు లేదు. రెండో పాదం వెంటనే ఫార్వర్డ్ కొట్టేవాడికి. మనలో చాలామంది ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు, పొద్దున ఒకరు సాయంత్రం ఇంకొకరు కూడా.

ఇప్పుడు అసలు కేసు. 1995 సెప్టెంబర్ 21, గురువారం. మీరెవరూ పుట్టలేదు, మీ అమ్మానాన్నల్ని అడగండి చెప్తారు. ఢిల్లీలో ఒక గుళ్ళో తెల్లారకముందే వినాయకుడికి స్పూన్‌తో పాలు పడితే తాగేసినాడని వార్త, అప్పుడు వాట్సాప్ లేదు, సెల్‌ఫోన్లు కూడా ఎక్కడో ఒకటి, అయినా ల్యాండ్‌లైన్ల మీదనే పూట తిరక్కుండా దేశమంతా పాకింది, విదేశాల్లో మనవాళ్ళ గుళ్ళకి కూడా చేరింది, ఎక్కడ చూసినా పాల చెంబులతో క్యూలు. ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోవాల, ఆ క్యూల్లో నిలబడినోళ్ళు అబద్ధాలకోర్లు కాదు. పాలు పట్టినారు, స్పూన్ ఖాళీ అయ్యింది, ఇంటికొచ్చి చెప్పినారు. కాకపోతే కళ్ళతో చూసింది స్పూన్ ఖాళీ కావడం వరకే. "స్వామి తాగినాడు" అనేది మనసు దానికి కలిపిన మాట. ఈ రెండిటి మధ్య గీత గీయడం వస్తే చాలు, ఏ మహిమ కథ విన్నా ఎక్కడ ఆగి అడగాలో తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సైన్స్ శాఖ వాళ్ళు ఢిల్లీలో ఒక గుడికి పోయి చేసిన పని చాలా సింపుల్, పాలల్లో రంగు కలిపి పట్టినారు. స్పూన్‌లో పాలు తగ్గే కొద్దీ, స్పూన్ పెట్టిన చోటు కింద విగ్రహం మీద రంగు పరుచుకోవడం కనిపించింది. ఎందుకంటే స్పూన్ అంచు దాకా నింపితే పాలు అంచుకంటే కొంచెం పైకి ఉబ్బి నిలబడతాయి, దాన్ని పట్టి ఉంచేది తలతన్యత, టెన్త్‌లో మార్కుల కోసం చదివి వదిలేసినామే అదే. ఆ ఉబ్బు తడిసిన తొండానికి తగలంగానే పాలు రాతిని అంటుకుంటాయి, అక్కడి నుంచి పల్చని పొరగా కిందికి జారతాయి, జారేది వెనకున్న పాలని కూడా లాక్కుంటుంది, మనకి తెలీకుండానే చెయ్యి కూడా రవ్వంత వంగుతుంది. తెల్లటి పాలరాతి మీద తెల్లటి పాల పొర ఎవరికి కనబడుతుంది చెప్పండి, పైన పూలు, పట్టుబట్ట, కింద అభిషేకం నీళ్ళు పోయే దారి.

ఇది ఇంట్లో చేసి చూడొచ్చు. గుళ్ళో వద్దు, క్యూలో ఉండే పెద్దాయన భక్తి మీద మనం ప్రయోగాలు చేయకూడదు. ఇంట్లో ఇత్తడి బొమ్మ ఏదైనా తీసుకోండి, తొండం తడపండి, పాలల్లో చిటికెడు కుంకుమ కలపండి, కింద పొడి తెల్లగుడ్డ పరచండి. నిండు స్పూన్ తొండానికి ఆనిస్తే మెల్లగా ఖాళీ అవుతుంది, గుడ్డ ఎర్రబడుతుంది. ఆ తర్వాతే అసలు పరీక్ష, స్పూన్ సగమే నింపి వంచకుండా తిన్నగా పట్టుకోండి. పాలు తొండానికి తగలవు, అక్కడే ఉంటాయి. తాగేవాడికి సగం స్పూనైనా ఒకటే కదా! పేపర్‌వెయిట్ రాయి పెట్టి చూసినా అదే కథ.

దీనివల్ల తేలింది ఎంత? ఆ రోజు పాలు ఎట్ల పోయినాయో తేలింది, అంతే. దేవుడున్నాడా లేడా అనేది ఆ స్పూన్‌లో లేదు, "చూసినారా అంతా బూటకం" అని గంతులేసేవాడు కూడా చూసినదానికంటే ఎక్కువే కలుపుతా ఉండాడు. అయినా మహిమలకి మన శాస్త్రమే పెద్ద పీట వేయలేదు, యోగసూత్రాల్లో మూడో పాదం చదవండి, సిద్ధుల గురించి అంత చెప్పిన పతంజలే అవి సమాధికి అడ్డు అని చెప్పేసినాడు.

మరి మన కాణిపాకం సంగతేంది అని ఒక తమ్ముడు అడిగినాడు, అడక్క తప్పదు, గడప దగ్గరే ఉండేది మనం. స్వామి పెరుగుతా ఉండాడు, ఎప్పుడో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడంలేదు అని చెప్తారు. దీనికీ ఆ గీతే గీయండి. కవచం పట్టకపోవడం చూడగలిగేది. అది ఫార్వర్డ్ మెసేజ్ కాదు, చేత్తో తాకగలిగే వస్తువు, కాబట్టి పాల కథకంటే దీని బరువు ఎక్కువని నేను ఒప్పుకుంటాను. "పెరిగినాడు" అనేది దాన్నుంచి తీసుకున్నది. ఈ రెండిటి మధ్య కొన్ని ప్రశ్నలు ఉండాయి, చేయించిన రోజు కవచం సరిగ్గా పట్టిందని రాసిపెట్టినారా, స్వామి బావిలోనే ఉంటాడు కాబట్టి అడుగున మట్టి, నీళ్ళు మారితే కనిపించే భాగం మారదా, కదలని ఒక గుర్తు నుంచి ఏళ్ళ తరబడి ఒకే చోట కొలత తీసినారా. అట్లాంటి కొలతలు ముందుంటే మాట్లాడతాం. అంతవరకు నేను అవుననను, కాదనను, పోయి దండం పెట్టుకుని వస్తాను.

మూగ, చెవిటి, గుడ్డి ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వితే రక్తం వచ్చి వాళ్ళ అవిటితనం పోయిందనే కథ వేరే రకం. అది స్థలపురాణం, దాన్ని టేపుతో కొలవలేం, కొలవాల్సిన పనీ లేదు. కానీ అదే గుడి సత్యప్రమాణాలకి పేరు, మన ఊళ్ళల్లో దొంగతనం పంచాయితీ వస్తే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అంటే సగంమంది అక్కడే ఒప్పేసుకుంటారు. నేను ప్రమాణానికి అంత భయపడే జనంలో పుట్టినోణ్ణి, మరి ఆధారం లేని మహిమ ఒకటి గ్రూపులో పడేసేటప్పుడు ఆ భయం ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

చివర్లో ఒకమ్మాయి అడిగింది, మా అవ్వకి షుగరు, ఒక స్వామీజీ విభూతి ఇచ్చి మాత్రలు మానేయమన్నాడు, పక్కింటామెకి తగ్గిందంట అని. ఇక్కడ మాత్రం నేను మెత్తగా మాట్లాడలేదు. పక్కింటామె రిపోర్టులు అడుగు అన్నాను, విభూతికి ముందు ఒకటి, తర్వాత ఒకటి, మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ టెస్టు ఉంటుంది అది. ఆమె ఆ మూడు నెలలూ మాత్రలు వేసుకుందా, అన్నం తగ్గించిందా, అది కూడా కనుక్కో. జనం ఒంట్లో మరీ బాగలేనప్పుడే స్వాముల దగ్గరికి పరిగెత్తుతారు, చానా జబ్బులు అంత పెరిగినాక ఎంతో కొంత వాటంతట అవే దిగుతాయి, ఆ పేరు విభూతికి పోతుంది. తగ్గనివాళ్ళు వచ్చి చెప్పరు కాబట్టి వాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అవ్వని విభూతి పెట్టుకోనీ, మొక్కుకోనీ, ఎవరొద్దన్నారు, మాత్ర మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపొద్దు. ఆ డబ్బా దేవుడి గూట్లోనే పెట్టమ్మా, పొద్దున దీపం పెట్టేటప్పుడు కళ్ళబడుతుంది, మర్చిపోదు.