ఫ్యాక్టరీలో ఫ్లూ నోటీసు: "జ్వరం ఉంటే రావద్దు" అని రాస్తే ఎందుకు సరిపోలేదు

హైదరాబాద్ శివారులోని ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీకి డాక్టరుగా ఫ్లూ నోటీసు రాశాను. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా, రెండోది వానలతో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. మొదటిసారి "జ్వరం ఉంటే పనికి రావద్దు" అని మాత్రమే రాశాను. ఆ మాటలో పెద్ద కంత ఉంది.

పొద్దున పారాసెటమాల్ 650 గోలీ వేసుకుంటే జ్వరం దిగుతుంది, నాలుగు నుంచి ఆరు గంటలు దిగే ఉంటుంది. గేటు దగ్గర నుదుటికి గన్ను పెడితే మామూలుగానే చూపిస్తుంది. చల్లగాలిలో బండి మీద వచ్చినా, నుదురు చెమటతో తడిసినా ఇంకా తక్కువ చూపిస్తుంది. "జ్వరం లేదు సార్" అన్న మనిషి అబద్ధమాడటం లేదు. కానీ గోలీ జ్వరాన్ని దించుతుందే తప్ప వైరస్‌ను ఆపదు. పొద్దున షిఫ్ట్‌లో ఆరింటికి లైనెక్కిన మనిషికి పదకొండయ్యేసరికి మళ్ళీ వణుకు మొదలవుతుంది. అప్పటికే పక్కవాళ్ళు ఐదు గంటలుగా అతని దగ్గు పీలుస్తూ ఉంటారు. ఫ్లూ ఎక్కువగా అంటుకునేది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే.

అందుకే నోటీసు పైవాక్యం ఇలా మార్చాను: "జ్వరం గోలీ వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పనికి రండి." ఆ 24 గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలని అందరూ అడిగారు. దాంతో కింద ఒక ఉదాహరణ కూడా చేర్చాను.

మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా ఉండే బీ షిఫ్ట్‌వాళ్ళకు సోమవారం సాయంత్రం నాలుగింటికి ఒళ్ళునొప్పులతో 101.5 జ్వరం వచ్చిందనుకుందాం. అప్పుడే మాస్కు పెట్టుకుని ఇంటికి వెళ్ళాలి. కంపెనీ బస్సు కోసం పది దాకా కూర్చోకూడదు. మంగళ, బుధవారాలు జ్వరం ఉంది. చివరి గోలీ గురువారం పొద్దున ఎనిమిదింటికి వేసుకున్నారు. పదింటికి ఒళ్ళు చల్లబడినా అది గోలీ పుణ్యం కావచ్చు, లెక్కలోకి రాదు. దాని పని మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. ఆ తర్వాత కూడా 100 దాటకపోతే అక్కడి నుంచి లెక్క మొదలు. శుక్రవారం రెండింటికి 24 గంటలు నిండుతాయి, అంటే ఆ రోజు బీ షిఫ్ట్‌కు రావచ్చు. మధ్యలో ఇంకో గోలీ వేసుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. వచ్చాక ఐదు రోజులు మాస్కు తీయకూడదు. జ్వరం లేకుండా దగ్గు, ఒళ్ళునొప్పులతోనూ ఫ్లూ వస్తుంది. అలాంటివాళ్ళు మొదలైన రోజు నుంచి నాలుగైదు రోజులు ఆగాలి.

ఇంత చెప్పినా జీతం సంగతి తేలకపోతే ఎవరూ ఇంట్లో ఉండరు. ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ జీతంలో 70 శాతం ఇస్తుంది, కానీ జబ్బులో మొదటి రెండు రోజులకు ఇవ్వదు. గత 15 రోజుల్లోపు ఒకసారి బెనిఫిట్ తీసుకుని ఉంటేనే ఆ రెండు రోజుల కోత ఉండదు. పై ఉదాహరణలో మంగళ, బుధ, గురువారాలు సెలవైతే గురువారానికి మాత్రమే డబ్బులొస్తాయి. రోజుకూలీ లెక్కలో బతికే ఇంటికి రెండు రోజులు పోవడం చిన్న దెబ్బ కాదు, గోలీ వేసుకుని రావడానికి అసలు కారణం ఇదే. ఆ రెండు రోజులు జీతంతో కూడిన సెలవుగా ఇవ్వమని యాజమాన్యాన్ని అడిగి, ఒప్పుకున్నాకే నోటీసు అంటించాం. మొదటి రోజే ఈఎస్ఐ డిస్పెన్సరీలో సర్టిఫికెట్ తీసుకోవాలని కూడా రాశాం. కోలుకున్నాక వెళ్తే వెనక తేదీలతో ఇవ్వడం కష్టం.

ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు ఒక్కో గదిలో ఆరుగురు ఉంటారు. వాళ్ళకు "ఇంట్లో ఉండండి" అంటే పక్కవాళ్ళకు అంటించమన్నట్టే. జబ్బు మనిషి చాప కిటికీ పక్కన వెయ్యండి, కిటికీ తెరిచే ఉంచండి, మిగతావాళ్ళు అతని కాళ్ళవైపు తల పెట్టుకుని పడుకోండి అని రాశాం. గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచమన్నాం. నోటీసు హిందీ, ఒడియాల్లో కూడా వేయించాం.

వానాకాలంలో డెంగీ కూడా ఉంటుంది, అందులో వేరే నొప్పి గోలీలతో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి గోలీ సొంతంగా వేసుకోవద్దని ఎర్ర అక్షరాల్లో పెట్టాను. ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళెలో రక్తం, గోళ్ళు నీలబడటం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇవేవీ లేకపోయినా మొదటి రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ జబ్బు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

నోటీసును వేలిముద్ర మెషీన్ పక్కన, కంటి ఎత్తులో అంటించాం. మెషీన్ అద్దాన్ని షిఫ్ట్ మారినప్పుడల్లా 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తున్నారు, బ్లీచింగ్ వాడితే లోహపు భాగాలు తుప్పు పడతాయి. వేలు పెట్టి వచ్చినవాళ్ళు చేతులు కడుక్కోవడానికి నాలుగడుగుల దూరంలో సబ్బు, కుళాయి ఉన్నాయి.