కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య ప్యాకేజీ: కాగితంలో ఉన్నదీ, దారిలో జరిగినదీ

హైదరాబాద్ నుంచి విమానంలో వారణాసి, అక్కడి నుంచి టెంపో ట్రావెలర్‌లో గయ, ప్రయాగ, అయోధ్య. 5 రాత్రులు, 6 పగళ్లు. తెలుగువాళ్లకు అమ్మే ఉత్తరాది యాత్రల్లో ఎక్కువగా కనబడేది ఈ వరుసే, మేం తీసుకున్నదీ ఇదే. ఈ ప్యాకేజీలో బాగున్నవీ ఉన్నాయి: వంటమనిషి వెంట వచ్చాడు, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, చారు, పెరుగు వేళకు అందాయి. పెద్దవాళ్లకు అదే సగం బలం. ఇబ్బంది వచ్చింది కరపత్రంలో రాసిన రోజువారీ కార్యక్రమంతో.

నాలుగో రోజు కింద "ప్రయాగ త్రివేణీ స్నానం, అయోధ్య బాలరాముడి దర్శనం, రాత్రికి కాశీ" అని ఒకే వరుసలో రాశారు. చదవడానికి హాయిగా ఉంది. దూరాలు కలిపి చూస్తే ఇది కుదరదని ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. వారణాసి నుంచి ప్రయాగ దాదాపు 125 కిలోమీటర్లు, ప్రయాగ నుంచి అయోధ్య దాదాపు 165, అయోధ్య నుంచి తిరిగి వారణాసి 200 పైనే. మొత్తం 500 కిలోమీటర్ల దాకా. టెంపో ట్రావెలర్ టీకీ టిఫిన్‌కీ ఆగుతూ, ఊళ్లు దాటుకుంటూ వెళ్తే గంటకు సగటున 45 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోకూడదు. అంటే ప్రయాణానికే 11 గంటలు.

ఇక సంగమం దగ్గర పట్టే సమయం. బండి ఆగిన చోటు నుంచి రేవుకు నడక, పడవ మాట్లాడుకోవడం, సంగమ స్థానానికి వెళ్లి స్నానం చేసి రావడం కలిపితే రెండు గంటలు. దంపతులు వేణీదానం చేస్తే ఇంకో గంట. భర్త భార్యకు జడ అల్లి, కొస కత్తిరించి గంగలో వదిలే ఆ తంతు హడావిడిగా చేయించేది కాదు, చాలామంది తెలుగు దంపతులు ప్రయాగ వచ్చేదే దానికోసం. తర్వాత పడుకున్న హనుమంతుడు, అష్టాదశ శక్తిపీఠాల్లో మాధవేశ్వరిగా మనవాళ్లు కొలిచే అలోపీ దేవి గుడి. తెల్లవారుజామున 5కి కాశీలో బయలుదేరినా ప్రయాగ వదిలేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది.

మాకూ అదే జరిగింది. అయోధ్య చేరేసరికి రాత్రి, దర్శనం మర్నాటికి పడింది. అక్కడ తీసుకున్న గదులకు ప్యాకేజీ వాళ్లు మనిషికి రూ. 1,200 అదనంగా అడిగారు. ఆ రాత్రికి కాశీలో గదులు తాము అప్పటికే బుక్ చేశారు కాబట్టి ఇది "ప్యాకేజీలో లేని బస" అన్నది వాళ్ల వాదన. కార్యక్రమం వేసింది వాళ్లే కనుక ఆ ఖర్చు మాది కాదన్నది మా వాదన. డబ్బు కట్టే ముందే "అయోధ్యలో ఒక రాత్రి బస" అని రాయించుకుని ఉంటే ఈ మాటే వచ్చేది కాదు. ఇలాంటి ప్యాకేజీ చూస్తున్నవాళ్లు ముందు చూడాల్సింది గుళ్ల జాబితా కాదు, ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో అది. కాశీలో మూడు నిద్రలు చేయాలనుకునేవాళ్లకు ఇది మరీ అవసరం. 5 రాత్రుల్లో గయకూ అయోధ్యకూ ఒక్కొక్కటి పోతేనే కాశీకి మూడు మిగులుతాయి.

గయ విషయంలో చిక్కు వేరు. కాశీ నుంచి 250 కిలోమీటర్లు, ఒకవైపే ఆరు గంటలు. పిండప్రదానం మధ్యాహ్నం లోపు మొదలుపెట్టాలి. అదే రోజు వెళ్లి వచ్చే ప్యాకేజీ అయితే తెల్లవారకముందే బండెక్కించడం తప్ప దారి లేదు. ఫల్గు నదీ తీరం, విష్ణుపాదం, అక్షయవటం, మూడు చోట్లా పిండాలు పెట్టేవాళ్లకు కార్యక్రమమే మూడు, నాలుగు గంటలు. ఆ తర్వాత మాంగల్య గౌరి గుడి మెట్లు ఎక్కాలి. బోధ్‌గయ పేరు కరపత్రంలో ఉన్నా, మహాబోధి ఆలయంలో నిలబడి చూసేంత వ్యవధి దొరకదు. తల్లిదండ్రులకు పిండం పెట్టడానికే వెళ్లేవాళ్లు ముందు రోజు సాయంత్రానికే గయ చేరి పడుకునే ప్యాకేజీ చూసుకోవడం మంచిది.

అక్కడి దక్షిణ సంగతి కూడా ముందే తెలియాలి. "పిండప్రదానం ఏర్పాటు" అని రాసి ఉంటే పంతుల్ని చూపిస్తారని అర్థం, ఖర్చు మనదే. చివర అక్షయవటం కింద అక్కడి తీర్థ పురోహితుడైన గయావళీ పండా "సుఫలం" అని దీవించాలి, అప్పుడే కార్యం పూర్తయినట్టు. మాట్లాడుకున్నదానికి మించి అడిగితే ఆ ఘడియలోనే అడుగుతారు, కాదనడం ఎవరికీ చేతకాదు. కాబట్టి సంకల్పం చెప్పకముందే సామగ్రి, బ్రాహ్మణ దక్షిణ, సుఫలం దక్షిణ అన్నీ కలిపి ఒకే మొత్తం మాట్లాడుకోవాలి.

కాశీ హోటల్ గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కానీ కరపత్రంలో "గుడికి దగ్గర" అన్నది కంటోన్మెంట్ వైపు, విశ్వనాథుడి గుడికి నాలుగైదు కిలోమీటర్ల దూరం. పాతబస్తీలోకి టెంపో ట్రావెలర్ రాదు. గొదౌలియా దాకానో మైదాగిన్ దాకానో ఈ-రిక్షా, ఆపైన నడక. గంగాహారతికి ఒకసారి, పొద్దున దర్శనానికి ఒకసారి అంటే ఆ రిక్షా డబ్బులు మనవే. హోటల్ పేరు ముందే అడిగి, మ్యాప్‌లో దశాశ్వమేధ ఘాట్‌కు నడక దూరం చూసుకుంటే ఈ సంగతి తేలిపోతుంది. "లేదా అదే స్థాయి హోటల్" అన్న మాట ఉంటే, ఘాట్‌కు ఒక కిలోమీటరు లోపు అని కూడా రాయమనాలి. అయితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఘాట్ల పక్క సందుల్లోని గదులకు ఒప్పుకునే ముందు లిఫ్ట్ ఉందో లేదో అడగాలి. అక్కడివి చాలావరకు పాత ఇళ్లు, నిటారు మెట్లు.

గైడ్ అని రాసిన చోట మాతో వచ్చింది టూర్ మేనేజర్. తెలుగు మాట్లాడతాడు, ఓపికమంతుడు, మందులు తెచ్చిపెట్టాడు. అయితే విశాలాక్షి అమ్మవారి గుడికి ఏ సందులోంచి వెళ్లాలో, కాలభైరవుడి గుడి మధ్యాహ్నం మూసే సంగతీ అతనికి తెలియదు. ఎండలో వెళ్లి మూసిన తలుపులు చూసి తిరిగొచ్చాం. విశ్వనాథ ఆలయంలోకి ఫోన్లు రానివ్వరని కూడా ముందు చెప్పలేదు. గుడి దగ్గరి దుకాణాల్లో సామాను పెట్టనిస్తారు, బదులుగా వాళ్ల పూజా బుట్ట కొనాలి. ఫోన్లు హోటల్లోనే వదిలి వస్తే ఆ ఖర్చుండదు. పట్టుచీరల దుకాణంలో మాత్రం గంటన్నర కూర్చోబెట్టారు, అది కార్యక్రమంలో ఎక్కడా లేదు.

ప్రకటనలో ధర మనిషికి రూ. 21,000. దానిమీద జీఎస్టీ 5 శాతం, రూ. 1,050. అయోధ్య గది 1,200, సంగమంలో పడవ 400, కాశీ రిక్షాలు 300, డ్రైవర్, వంటమనిషి బత్తా పేరుతో 500. మొత్తం రూ. 3,450, అంటే ధరలో దాదాపు ఆరో వంతు. దక్షిణలు, విశ్వనాథుడి గుడిలో డబ్బు కట్టి వెళ్లే సుగమ దర్శనం టికెట్ ఇందులో లేవు. "అన్నీ కలిపి" అన్న మాటకు విలువ లేదు, "ఇందులో లేనివి" అన్న జాబితా అడగాలి. పడవ, బత్తా, టోల్, పార్కింగ్, బిహార్‌లోకి వెళ్లే బండి పర్మిట్, వీటిలో ఒక్కోదాని పక్కన అవునో కాదో వాట్సాప్‌లో రాయించుకుంటే చాలు.

శ్రావణ భాద్రపదాల్లో వెళ్లేవాళ్లు మరొకటి కూడా అడగాలి. గంగ పెరిగితే కాశీలో పడవలు ఆపేస్తారు, మెట్లు మునిగి హారతి పైకి జరుగుతుంది. పడవ డబ్బు ప్యాకేజీలోనే కట్టి ఉంటే, ఆ రోజు పడవ నడవకపోతే అది తిరిగి ఇస్తారా లేదా అన్నది అడ్వాన్స్ కట్టేనాడే తేల్చుకోవాలి.