38 దగ్గర ఇరుక్కున్న ఫ్యాక్టరీ: నా మెగాబేస్ లాగ్

మొదటి శనివారం, రాత్రి

ముందు తప్పు ఒప్పేసుకుంటాను. పోయిన నెల గ్రాఫిక్స్ కార్డు మార్చాను. ఫ్యాక్టరీలు కట్టే ఆట ఫ్యాక్టోరియోలో నా బేస్, అంటే నా ఫ్యాక్టరీ, నిమిషానికి 2,500 సైన్స్ ప్యాకులు తయారుచేసే దాకా పెరిగాక ఆట ఈడ్చుకుంటూ నడవడం మొదలైంది. రైళ్లు నీళ్లలో నడుస్తున్నట్టు కదిలేవి. సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపతనికి చెప్తే, "కార్డ్ పాతదైపోయింది అన్నా, మారిస్తే ఝామ్మని పోతుంది" అన్నాడు. నాకూ అదే వినాలని ఉంది. 1660 సూపర్ తీసేసి 3060 పెట్టాను. ఇంటికొచ్చి అదే సేవ్ తెరిచాను. మూలన కనిపించే వేగం అంకె ముందు 38, ఇప్పుడూ 38. దశాంశం కూడా కదల్లేదు.

మిగతా మెషీన్ వివరాలు: రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే ఒక్క స్టిక్‌గా. ఆట 2.0 వెర్షన్, స్పేస్ ఏజ్ అనే అదనపు భాగం లేకుండా.

ఆదివారం

నేను 38 అంటున్నది ఏమిటో ఇవాళ సరిగ్గా చూశాను. ఆటలో F4 నొక్కితే డీబగ్ మెనూ వస్తుంది. అందులో show-fps, show-time-usage రెండూ టిక్ చేశాను. మూల మీద ఇలా కనిపించింది: FPS/UPS = 38.0/38.0.

ఈ రెండు అంకెలూ ఒకటి కాదు. UPS అంటే సెకనుకు ఫ్యాక్టరీ మొత్తం ఎన్నిసార్లు లెక్క వేసుకుందో. మామూలు వేగంలో అది 60. అంటే ప్రతి లెక్కకూ 16.67 మిల్లీసెకన్ల గడువు. FPS అంటే ఆ లెక్క అయ్యాక ఎన్ని బొమ్మలు గీసిందో. ఒక లెక్కకు మించి ఒక బొమ్మ గీయదు కాబట్టి UPS పడితే FPS కూడా దాని వెంటే పడుతుంది. నన్ను ముంచింది ఇదే. స్క్రీన్ కుదుపుగా కనిపిస్తే ఎవరైనా కార్డునే అనుమానిస్తారు.

నిజంగా కార్డే నెమ్మదైతే వరస వేరుగా ఉంటుంది. బొమ్మలు కొన్ని వదిలేసి అయినా లెక్కను కాపాడుకోవాలని ఆట చూస్తుంది. అప్పుడు 40/60 లాంటిది కనిపిస్తుంది: చూపు కుదుపుగా ఉన్నా రైలు మాత్రం తన టైముకు స్టేషన్ చేరుతుంది. నాకు రెండూ కలిసి పడ్డాయి, రైళ్లు కూడా ఆలస్యమయ్యాయి. రెజల్యూషన్ సగానికి తగ్గించి చూశాను, బేస్ లేని ఖాళీ ఎడారి మీదికి కెమెరా తిప్పి చూశాను. 38 అలాగే ఉంది. తెర మీద ఏముందన్న దానితో సంబంధం లేదన్నమాట.

ఇంకా తేల్చేసే పరీక్ష ఒకటుంది. ఆటను బెంచ్‌మార్క్ మోడ్‌లో నడిపితే విండో తెరవదు, ఒక్క బొమ్మ కూడా గీయదు, లెక్కలు మాత్రమే చేస్తుంది. సేవ్ ఫైల్‌ను కాపీ చేసి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాను:

```
factorio.exe --benchmark C:\test\mega.zip --benchmark-ticks 1000 --benchmark-runs 3 --disable-audio
```

సగటున ఒక్కో లెక్కకు 26.3 మిల్లీసెకన్లు. వెయ్యిని 26.3తో భాగిస్తే 38. గ్రాఫిక్స్ కార్డు పని మొత్తం పక్కన పెట్టేసినా అదే 38! మూడు వారాల ముందు ఈ ఒక్క లైను తెలిసుంటే నా డబ్బు జేబులోనే ఉండేది.

బుధవారం

ఆఫీసులో టాస్క్ మేనేజర్ ఫోటో చూపిస్తే మా టీమ్ కుర్రాడు, "సీపీయూ 19 శాతమే వాడుతోంది కదా, ఇంకా బోలెడు ఖాళీ ఉంది" అన్నాడు. అది మోసపు అంకె. 3600లో 12 థ్రెడ్లు. ఒక థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేసినా మొత్తంలో అది 8 శాతం చిల్లరే. ఆట కొన్ని పనులను మిగతా కోర్లకు పంచుతుంది కానీ అసలు గుండెకాయ లాంటి పనిలో చాలా భాగం ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. ఒక బెల్టు మీద ఒకే ఇనుప ప్లేటు ఉంది, వస్తువులను ఎత్తి పెట్టే మరచేతులు, అంటే ఇన్సర్టర్లు, రెండు దాని మీదికి చాచుకున్నాయి. ఎవరిది ముందు? ప్రతిసారీ, ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకే జవాబు రావాలి. లేకపోతే మల్టీప్లేయర్‌లో నా ఫ్యాక్టరీ ఒకటి, నా ఫ్రెండ్ ఫ్యాక్టరీ ఇంకొకటి అయిపోతాయి. అందుకే వరస తప్పకూడదు.

ఇంకో మోసం కూడా ఉంది. ఆ ఒక్క కోర్ వంద శాతం "పని"లో ఉన్నట్టు చూపించినా, అందులో చాలా భాగం మెమరీ నుంచి డేటా కోసం ఎదురుచూడడమే. ఎదురుచూపును కూడా టాస్క్ మేనేజర్ పని కిందే రాస్తుంది.

ఈ ఎదురుచూపు ఎంత పెద్దదో కాగితం మీద వేసుకున్నాను. నా ర్యామ్ నుంచి ఒక ముక్క రావడానికి సుమారు 90 నానోసెకన్లు. 4 గిగాహెర్ట్జ్ దగ్గర అంటే 360 క్లాక్‌లు వృథా. 16.67 మిల్లీసెకన్లను 90 నానోసెకన్లతో భాగిస్తే లక్షా 85 వేలు. అంటే ఒకదాని కోసం ఆగి, అది వచ్చాకే ఇంకొకటి అడిగే పద్ధతిలో అయితే, ఒక లెక్కలో లక్షా 85 వేల సార్లు ర్యామ్ దాకా వెళ్లొస్తే చాలు, గడువు మొత్తం అయిపోతుంది. ప్రాసెసర్ తెలివిగా కొన్నిటిని ఒకేసారి తెప్పించుకుంటుంది కాబట్టి అసలు పరిమితి ఇంకాస్త ఎక్కువే. కానీ నా బేస్‌లో ఇన్సర్టర్లే వేల మీద ఉన్నాయి. ఒక్కో ఇన్సర్టర్ తన సంగతి, తాను తీసే చోటు సంగతి, పెట్టే చోటు సంగతి చూసుకోవాలి. అవన్నీ మెమరీలో తలో మూలా పడి ఉంటాయి.

ఇక్కడే క్యాష్ పనికొస్తుంది. ప్రాసెసర్ లోపలే ఉండే ఎల్3 క్యాష్ నుంచి అదే ముక్క 10 నానోసెకన్ల లోపో, కాస్త అటూ ఇటూగానో వచ్చేస్తుంది. పోపుల డబ్బా చేతికందేలా ఉండటానికీ, ఆవాలు కావాల్సినప్పుడల్లా చెప్పులేసుకుని కిరాణా కొట్టుకు వెళ్లడానికీ ఉన్న తేడా. ఆట మొదట్లో ఫ్యాక్టరీ మొత్తం దాదాపు డబ్బాలో పట్టేస్తుంది. వంద గంటలు ఆడాక పట్టదు. ఆట చివర్లో నెమ్మదించడం వెనక సగం కథ ఇదే: వస్తువులు పెరగడం ఒక్కటే కాదు, ఒక్కో వస్తువుకు పట్టే సమయం కూడా పెరుగుతుంది.

రెండో శనివారం

ఖర్చు లేని పని ముందు. బయాస్‌లోకి వెళ్తే నా 3200 ర్యామ్ ఇన్నేళ్లూ 2400 వేగంతో నడుస్తోందని తేలింది. ర్యామ్‌ను దాని పెట్టె మీది వేగంతో నడిపే XMP సెట్టింగ్ ఎవరూ ఆన్ చేయలేదు (ఎవరూ అంటే నేనే). ఆన్ చేసి బెంచ్‌మార్క్ మళ్లీ నడిపాను: 23.6 మిల్లీసెకన్లు, అంటే 42 UPS. కొత్త గ్రాఫిక్స్ కార్డు చేయలేనిది ఒక ఎంటర్ కీ చేసింది.

మధ్యాహ్నం వాన తగ్గాక మళ్లీ సీటీసీకి వెళ్లి, వేరే షాపులో ఇంకో 16 జీబీ స్టిక్ తెచ్చాను. ఒకే స్టిక్ ఉంటే మెమరీకి ఒకే దారి, రెండుంటే రెండు దారులు. కంపెనీ వేరేది దొరికింది, పర్వాలేదులే అనుకున్నాను. పర్వా ఉంది. 3200 దగ్గర మూడుసార్లు నల్ల స్క్రీన్, ఆ తర్వాత బోర్డు తనంతట తానే పాత వేగానికి దిగిపోయింది. 3000 పెడితే నిలబడింది. ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాను. ర్యామ్ అరకొరగా నిలబడితే ఆట క్రాష్ కావడమే కాదు, సేవ్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. వంద గంటల బేస్‌తో అలాంటి సాహసం వద్దు.

రెండు స్టిక్కులు, 3000: 21.8 మిల్లీసెకన్లు, దాదాపు 46 UPS. జతగా అమ్మే ఒకే రకం స్టిక్కులు కొనుంటే ఇంకాస్త వచ్చేది.

మూడో ఆదివారం

పెన్‌డ్రైవ్‌లో సేవ్ వేసుకుని నిజాంపేటలో ఫ్రెండ్ ఇంటికి వెళ్లాను. వాడిది రైజెన్ 7 5700X3D. గ్రాఫిక్స్ కార్డు మాత్రం 1050 టీఐ, నేను తీసేసిన దానికన్నా పాతది.

"మామా, దీంట్లో నీ బేస్ ఓపెన్ అవుతుందంటావా?" అని వాడికే అనుమానం.

అదే కమాండ్, అదే సేవ్: 13.9 మిల్లీసెకన్లు. మామూలుగా తెరిస్తే 60/60, నిక్కచ్చిగా. నా 3060 నిజంగా సిగ్గుపడాలి.

విచిత్రం ఏమిటంటే 5700X3D గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్, నా 3600ది 4.2. క్లాక్ చూసి కొంటే నాదే గెలవాలి. దాని కోర్ కొత్త తరానిది, ఆ లాభం కొంత ఉంది. కానీ పెద్ద తేడా క్యాష్‌ది. దానికి 96 ఎంబీ ఎల్3. నా దానికి పెట్టె మీద 32 అని రాసుంటుంది కానీ అది 16, 16గా రెండు ముక్కలు, ఒక కోర్‌కు తన వైపు ముక్కే దగ్గర. పోపుల డబ్బా ఆరింతలు పెద్దదన్నమాట. అలాగని ఇది ఎప్పటికీ కాదు. బేస్ ఇంకా పెంచుకుంటూ పోతే 96 కూడా నిండిపోతుంది, అప్పుడు వాడూ కిరాణా కొట్టుకు తిరగాల్సిందే.

టీ తాగుతూ వాడు అంతరిక్ష సామ్రాజ్యాన్ని నడిపే ఇంకో ఆట, స్టెల్లారిస్ గురించి ఎత్తాడు. అక్కడ గుర్తుపట్టడం ఇంకో రకం. కెమెరా నున్నగా తిరుగుతుంది, FPS బాగానే ఉంటుంది, రోజులు మాత్రం గడవవు. జనాభా పెరిగేకొద్దీ ఎవరికి ఏ ఉద్యోగం అనే లెక్కలు పెరుగుతాయి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, గరిష్ఠ వేగంలో ఆటలో ఒక ఏడాదికి ఎన్ని సెకన్లు పడుతుందో మొదట్లోనూ, వందేళ్లు గడిచాకా కొలవడమే దానికి సరైన పద్ధతి. FPS మీటర్‌ను నమ్ముకుంటే అక్కడ ఏమీ కనిపించదు.

నాలుగో శనివారం

ప్రాసెసర్ కొనడం దీపావళి బోనస్ దాకా వాయిదా. ఈలోపు బేస్‌నే సన్నబరుస్తున్నాను. show-time-usage చూస్తే 21.8లో 17 దాకా Entity update దగ్గరే ఉంది. బెల్టులు నేననుకున్నంత తినడం లేదు. బెల్టు మీద వస్తువులను ఒక్కొక్కటిగా జరపకుండా, వాటి మధ్య దూరాలు మాత్రమే గుర్తుపెట్టుకునేలా ఆటను రాశారు. సోలార్ ప్యానెళ్లను కూడా గుంపుగా కలిపి లెక్కేస్తుంది కాబట్టి అవి ఎన్నున్నా దాదాపు ఉచితమే. ఖర్చంతా ఇన్సర్టర్లదీ, వస్తువులు తయారుచేసే అసెంబ్లర్లదీ.

గ్రీన్ సర్క్యూట్ బ్లాక్‌తో మొదలుపెట్టాను. పాత పద్ధతిలో కాపర్ కేబుల్ అసెంబ్లర్ నుంచి ఒక ఇన్సర్టర్ బెల్టు మీద పెట్టేది, బెల్టు నుంచి ఇంకొకటి తీసి సర్క్యూట్ అసెంబ్లర్‌లో వేసేది. ఇప్పుడు రెండు అసెంబ్లర్లనూ ఎదురెదురుగా పెట్టి, మధ్యలో ఒకే ఇన్సర్టర్ ఉంచాను. మూడు కేబుల్ అసెంబ్లర్లకు రెండు సర్క్యూట్ అసెంబ్లర్ల నిష్పత్తి అలాగే. ఉత్పత్తి తగ్గలేదు, కేబుల్‌ను చేతులు మార్చే పని సగమైంది, ఒక బెల్టు మాయమైంది. తర్వాత మెషీన్ల వేగం పెంచే బీకన్లూ స్పీడ్ మాడ్యూళ్లూ పెట్టి అసెంబ్లర్ల సంఖ్య కూడా తగ్గించాను. పని అదే, చేసే మెషీన్లు తక్కువ.

మొత్తం నాలుగు బ్లాకులు తిరగరాశాక 17.9 మిల్లీసెకన్లు, 56 UPS. రెడ్ సర్క్యూట్ బ్లాక్ ఇంకా పాతదే ఉంది, అందులోనూ కేబుల్ బెల్టు ఉంది. రేపు దాని సంగతి.