3/2 రేటు మార్పు: π/2 అని రాసి పోగొట్టుకున్న రెండు మార్కులు

గేట్ ఈసీ పేపర్‌కు చదివిన రోజుల్లో డీఎస్‌పీలో నేను ఎక్కువగా తడబడినది శాంప్లింగ్ రేటును భిన్నంలో మార్చే లెక్కల దగ్గరే. ఒక మాక్ టెస్టులో 32 కిలోహెర్ట్జ్ ఆడియోను 48కి, అంటే 3/2 రెట్లకు, మార్చే వ్యవస్థలో ఫిల్టర్ కటాఫ్ ఎంత అని అడిగారు. చివరికి రెండుతో తగ్గిస్తున్నాం కదా అని π/2 రాశాను. రెండు మార్కులు పోయాయి.

ఆ సాయంత్రం 10 కిలోహెర్ట్జ్ స్వరం ఒక్కదాన్నే తీసుకుని, రఫ్ కాగితం మీద స్పెక్ట్రమ్‌ను అంచెలంచెలుగా గీసి చూశాను. ప్రతి శాంపిల్ తర్వాత రెండు సున్నాలు చేరిస్తే రేటు 96 కిలోహెర్ట్జ్ అవుతుంది, కానీ 10తో పాటు 22 దగ్గరా 42 దగ్గరా దాని ఇమేజ్‌లు మిగిలిపోతాయి. నేను రాసిన π/2 అంటే ఈ రేటులో 24 కిలోహెర్ట్జ్ కాబట్టి, 42 ఆగిపోయినా 22 దాటుకుని వస్తుంది. ఆ తర్వాత 48కి తగ్గించినప్పుడు అది 24 లోపే ఉన్నందున అలాగే నిలిచి, అసలు ఆడియోలో లేని స్వరంగా అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది. ఇమేజ్‌లను ఆపడానికి π/3, ఏలియసింగ్‌ను ఆపడానికి π/2 కావాలి. ఒకే ఫిల్టర్ రెండు పనులూ చేయాలంటే వాటిలో చిన్నదైన π/3, అంటే 16 కిలోహెర్ట్జ్, తీసుకోవాలి. ఇక గెయిన్ మాటకొస్తే, 1, 1, 1 అన్న వరుస 1, 0, 0, 1, 0, 0 అయినప్పుడు సగటు మూడో వంతుకు పడిపోతుంది కనుక, దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఫిల్టర్ గెయిన్ 3 ఉండాలి.

క్రమం తిప్పి ముందే రెండుతో తగ్గిస్తే రేటు 16 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. అక్కడ 8కి పైన దేనికీ చోటు లేదు కాబట్టి, ఫిల్టర్ లేకపోతే మన 10 కిలోహెర్ట్జ్ స్వరం 6గా మారి కూర్చుంటుంది, ఫిల్టర్ పెడితే పూర్తిగా పోతుంది. తర్వాత మూడుతో పెంచినా అది తిరిగి రాదు. అయితే 3, 2 లకు ఉమ్మడి కారణాంకం లేనందున ఆ రెండు బ్లాకులను తారుమారు చేయవచ్చన్న సిద్ధాంతం కూడా నిజమే, నన్ను చాలాకాలం తికమక పెట్టినది అదే. అది మధ్యలో ఫిల్టర్ లేకుండా రెండు బ్లాకులూ పక్కపక్కనే ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది.

ఇదే లెక్కను తిప్పి 48ని 32కు, అంటే 2/3కి, మార్చమంటే మధ్య రేటు మళ్ళీ 96, కటాఫ్ మళ్ళీ π/3. గెయిన్ మాత్రం 2.