బెంచ్ ప్రెస్‌కు రెప్స్, రెస్ట్ లెక్క నేనెలా తేల్చుకున్నానంటే

మా జిమ్ గోడ మీద ఒక చార్టు ఉంది. బలానికి 1 నుంచి 5 రెప్స్, కండకు 8 నుంచి 12, స్టామినాకు 15 పైన. ట్రైనర్ దానికి ఇంకో మాట కలిపేవాడు: "సెట్‌కీ సెట్‌కీ మధ్య నిమిషం మించి కూర్చోకన్నా, పంప్ పోద్ది." రెప్స్ విషయంలో చార్టుతో నాకు పెద్ద పేచీ లేదు. రెస్ట్ దగ్గరే అనుమానం వచ్చింది. బెంచ్ ప్రెస్ ఒక్కదాని గురించే చెబుతాను, నేను లెక్క రాసుకున్నది దానికే.

అప్పటికి 60 కిలోలు 10 సార్లు ఎత్తగలను. నిమిషం రెస్ట్‌తో మూడు సెట్లు వేస్తే పుస్తకంలో పడేది 10, 7, 5. మొత్తం 22. మూడు నిమిషాలు ఆగి వేసి చూస్తే 10, 9, 8 పడ్డాయి, అంటే 27. బరువు మారలేదు, ఐదు రెప్స్ పెరిగాయి. అంటే 300 కిలోల పని. నిమిషం రెస్ట్‌తో వేసినప్పుడు ఛాతీ కండరం అలిసేలోపే ఊపిరి అందక బార్ స్టాండు మీద పెట్టేసేవాణ్ణి. గట్టిగా తోసేటప్పుడు కండరం ముందుగా వాడుకునేది తనలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్‌ని. అర నిమిషంలో అది సుమారు సగం తిరిగి చేరుతుంది, దాదాపు పూర్తిగా చేరాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. పంప్ అనేది కండలోకి వచ్చిన రక్తం, కాసేపటికి ఎలాగూ పోతుంది. బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ముందే వెయిట్స్ అలవాటున్న మగవాళ్లతో 8 వారాలు చేయించి చూస్తే, నిమిషం ఆగినవాళ్ల కంటే మూడు నిమిషాలు ఆగినవాళ్లకే బలమూ, తొడ కండ మందమూ ఎక్కువ పెరిగాయి.

ముందు బలం మీద పడ్డాను. దానికి ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు తెలియాలి. తోడు ఎవరూ లేకుండా బెంచ్ మీద అది పరీక్షించుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకని ఎప్లీ సూత్రం వాడాను: రెప్స్‌ని 30తో భాగించి, 1 కలిపి, బరువుతో గుణించాలి. 60 కిలోలు, 10 రెప్స్ అంటే 80 కిలోలు వస్తుంది. ఇది అంచనా మాత్రమే, రెప్స్ 10 దాటితే అంత నమ్మకూడదు. ఇదే సూత్రాన్ని తిప్పి వేస్తే 65 కిలోలు 7 సార్లు వెళ్లాలి. కాబట్టి 65తో ఐదేసి వేస్తే రెండు రెప్స్ చేతిలో ఉంటాయి. అక్కడే మొదలుపెట్టాను. సెట్ల మధ్య నాలుగు నిమిషాలు. అన్ని సెట్లలోనూ ఐదూ శుభ్రంగా వచ్చిన రోజు, తర్వాతిసారికి అటొకటి ఇటొకటి 1.25 ప్లేట్లు. మా జిమ్‌లో అవి ఎప్పుడూ ఎక్కడో పడి ఉంటాయి, వెతుక్కోవడమే సగం వార్మప్. ఐదో రెప్‌లో నడుము బెంచ్ మీంచి లేస్తే ఆ రెప్‌ని లెక్కలో వేసుకోలేదు.

కండకు వచ్చేసరికి చార్టు చెప్పినంత కచ్చితమైన గీతలు లేవు. 6 రెప్స్‌తో పెరుగుతుంది, 25తోనూ పెరుగుతుంది, సెట్ చివరికొచ్చేసరికి ఇంకో రెండు మూడు రెప్స్ మించి మిగలకుండా ఉంటే చాలు. అది తెలిసేది మంటను బట్టి కాదు, బార్ వేగాన్ని బట్టి. నేను శాయశక్తులా తోస్తున్నా బార్ తనంతట తానే నెమ్మదించిందంటే దగ్గరికొచ్చినట్టే. 25 రెప్స్ సెట్‌లో ఆ చోటికి వెళ్లేలోపు మంటకే చాలామంది వదిలేస్తారు, నేనూ వాళ్లలో ఒకణ్ణే. 8 నుంచి 10 సుఖం. బెంచ్‌కు రెండు మూడు నిమిషాలు, సైడ్ రెయిజ్ లాంటి చిన్నవాటికి ఒకటిన్నర నిమిషం చాలింది. రెండో సెట్‌లో రెప్స్ మూడో వంతు పడిపోతే రెస్ట్ చాలలేదని లెక్క.

స్టామినాకు మాత్రం ట్రైనర్ మాట సరిపోతుంది. పూర్తిగా కోలుకోకుండానే మళ్లీ పని చేయడం అక్కడ అసలు సాధన. 35 కిలోలతో ఇరవై, 45 సెకన్లు ఆగి మళ్లీ ఇరవై. రెప్స్ తగ్గకుండా రెస్ట్‌ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోవాలి. కానీ దీంతో గరిష్ఠ బరువు పెద్దగా పెరగదు.

సాయంత్రం ఏడింటికి బెంచ్ దగ్గర నాలుగు నిమిషాలు కూర్చుంటే "బ్రో, ఇంకెన్ని సెట్లు?" అని అడుగుతారు. అందుకని ఆ టైంలో వెళ్లిన రోజు బెంచ్ సెట్ అయ్యాక ఒకటిన్నర నిమిషం ఆగి వీపుకు రోయింగ్ వేస్తాను, మళ్లీ ఒకటిన్నర ఆగి బెంచ్‌కి వస్తాను. రెండూ వేరే కండరాలు కాబట్టి ఛాతీకి మూడు నిమిషాల పైనే దొరుకుతుంది. ఆ మధ్యలో అడిగినతను తన సెట్ వేసుకుంటాడు. 65తో ఐదేసి వేసే రోజుల్లో మాత్రం ఇలా కలపను, పొద్దున్నే వెళ్తాను.